రెండు సిలిండర్లు, మా బావ చెయ్యి

మా బావను షెడ్డులో ఎవరూ పేరుతో పిలవరు. మౌనం మేస్త్రి అంటారు. నన్ను టపటప అంటారు. రెండు పేర్లూ మా మిషన్ల వల్ల వచ్చినవే గాని, మా స్వభావాలకు కూడా అతికినట్టు సరిపోయాయి. ఆయన మా అక్క మొగుడు. అక్క కూడా మా షెడ్డులోనే పనిచేస్తుంది. మేమిద్దరం అతికించిన స్టీలు సామాన్లను రాకి, మెరుగుపెట్టే పని ఆమెది. అంటే ఇంట్లోనూ, పనిలోనూ మేం చేసిన తప్పులు సరిదిద్దేది ఆవిడే.

నాది మిగ్ వెల్డింగ్. గన్ ట్రిగ్గర్ నొక్కితే మూతిలోంచి తీగ దానంతటదే వస్తుంది. మంట పుట్టించేదీ ఆ తీగే, కరిగి అతుకయ్యేదీ ఆ తీగే. ఉల్లిపాయలు వేగుతున్నట్టు ఒకటే చిటపట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గజాల కొద్దీ పని లాగేస్తాను. బావది టిగ్. సన్నని టంగ్‌స్టన్ కడ్డీని పెన్సిల్లా చెక్కి టార్చిలో బిగిస్తాడు. దాని మొన నుంచి మంట వస్తుంది గాని అది మాత్రం కరగదు. అతుక్కి కావలసిన లోహాన్ని ఎడమచేత్తో వేరే సన్నని రాడ్డుతో అందించాలి, కుడిచేత్తో టార్చి నడపాలి, పాదం కింద పెడల్‌తో వేడిని పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. చప్పుడే ఉండదు. దూరం నుంచి చూస్తే మనిషి కునుకు తీస్తున్నాడనుకుంటారు.

"నీ మిషన్ ఎంతసేపూ వాగుతూనే ఉంటుందిరా, నీలాగే," అనేవాడు.

"నీది నోరు విప్పేలోపు నేను రెండు బల్లలు చేసి పడేస్తాను బావా," అనేవాణ్ణి.

ఆ మాటలో అబద్ధం లేదు. నేను మిగ్ గన్ పట్టిన పది రోజులకే పనికొచ్చే అతుకు వేశాను. టిగ్ నేర్చుకుందామని బావ పక్కన కూర్చున్న ఆరు నెలలకు కూడా నాకు ఒక చెయ్యి గుర్తుంటే ఇంకో చెయ్యి, రెండు చేతులూ గుర్తుంటే కాలు మరిచిపోయేది. పైగా టిగ్‌లో మంట ఆర్పేశాక కూడా ఆరేడు సెకన్లు గ్యాస్ వస్తూనే ఉంటుంది. అంతసేపూ టార్చి అక్కడే పట్టుకోవాలి. లేకపోతే వేడిగా ఉన్న లోహానికి గాలి తగిలి నల్లబడుతుంది. పని అయిపోయాక కదలకుండా కూర్చోవడం నా వల్ల కాదు. "నీకు ఓపిక లేదు, పోయి నీ ఉల్లిపాయలు వేయించుకో," అని బావే నన్ను సాగనంపాడు. కోపంగా కాదు. ఆ సాయంత్రం నా మిగ్ గన్ మూతి కూడా తానే శుభ్రం చేసి పెట్టాడు.

గ్యాస్ సంగతి కూడా ఆయనే చెప్పాడు. "నా మొనకు ఉత్త ఆర్గానే కావాలిరా. ఆక్సిజన్ గాలి సోకినా కాలిపోతుంది. నీ తీగకు ఉత్త ఆర్గాన్ ఇస్తే బద్ధకం వస్తుంది. మంట అటూ ఇటూ తిరుగుతుంది, కరిగిన స్టీలు పక్కలకు పారదు. అందుకే నీ సిలిండర్లో నూటికి రెండు పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. నీకు బలమిచ్చేది నాకు విషం."

ఇదంతా నాకు తెలుసని ముందే ఒప్పుకుంటున్నాను. ఇంత తెలిసుండీ చేశాను ఆ ఘనకార్యం.

అక్కకు ఒక అలవాటుంది. మెరుగుపెట్టే ముందు కళ్లు మూసుకుని బొటనవేలితో అతుకును తడుముతుంది. ఎవరు చేశారో అక్కడే చెప్పేస్తుంది. నాదైతే వేలికి ఎత్తుగా తగులుతుంది, "ఇది మా తమ్ముడి గట్టు," అని గ్రైండర్ అందుకుంటుంది. బావదైతే ఒక్కోసారి పక్కన పెట్టేసి, "దీంతో నాకేం పని?" అంటుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన్ను ఆమె నోరారా మెచ్చుకున్నది ఆ ఒక్క మాటతోనే. ఆ మాట విన్న రోజు ఆయన ఇంటికెళ్లేటప్పుడు రోజూ నాతో మోయించే సంచీ నాకివ్వకుండా తానే మోసేవాడు.

అలాంటి బావ కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. షెడ్డులో కాదు, ఇంట్లోనే. వంటింటి బల్బు మారుస్తుంటే స్టూలు పట్టుకుంటానని అక్క వచ్చింది. "నేనేమైనా పసిపిల్లాణ్ణా?" అన్నాడట. ఆ మాట పూర్తయ్యేలోపే కిందున్నాడు. బల్బుకు మాత్రం ఏమీ కాలేదు. దాన్ని చూపించి అక్క వారం రోజులు దెప్పింది, వారం రోజులూ తానే అన్నం కలిపి పెట్టింది.

సరిగ్గా అప్పుడే షెడ్డుకు పెద్ద పని వచ్చింది. ఒక ఆసుపత్రికి, అప్పుడే పుట్టిన పిల్లలకు స్నానం చేయించే స్టీలు తొట్లు ముప్పై. తొట్టికి వాడే రేకు ఒక్క మిల్లీమీటరు మందం. లోపలి మూలలన్నీ నున్నగా ఉండాలి. నీళ్లు నిలిచే సందు గాని, గోరు తగిలే గరుకు గాని ఉండకూడదు. కింద నిలబెట్టే కాళ్ల ఫ్రేములు కొంచెం మందం గొట్టాలు కాబట్టి అవి నాకు వచ్చాయి. తొట్లు బావ కోసం ఆగాయి.

యజమాని మంచివాడే గాని గడువు అనే మాట వింటే నిద్ర పట్టదాయనకు. "టపటపా, ఆ తొట్లు కూడా నీ మిగ్‌తో లాగేయరాదూ? మేస్త్రి వచ్చేసరికి సగం అయిపోతాయి," అన్నాడు. నాకూ లోపల ఉబలాటంగానే ఉంది. అన్నిటికన్నా సన్నని తీగ వేసి, వోల్టేజీ తగ్గించి, ఒకేసారి లాగకుండా ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టుకుంటూ ఒక తొట్టి చేశాను. మిగ్‌తో సన్నరేకు అతకడం కుదరదని కాదు. కారు బాడీ రిపేరువాళ్లు రోజూ చేస్తారు, నేనూ చేశాను. కాని తీగ, వేడి రెండూ ఒకే తాడుకు కట్టి ఉంటాయి. వేడి తగ్గిస్తే లోహం రేకు మీద గట్టులా నిలబడుతుంది, లోపలికి దిగదు. పెంచితే చిల్లు. బావకు వేడి కాలిలో, లోహం చేతిలో. వేటికవే. అందుకే ఆయన రేకును బెదరగొట్టకుండా నడిపిస్తాడు.

నా తొట్టికి మూడు చిల్లులు పడ్డాయి, ఒక పక్క అప్పడంలా వంకర తిరిగింది. గట్లు రాకడానికి అక్క గ్రైండర్ పెడితే, గట్టుతో పాటు రేకూ అరిగి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సూదిమొనంత కాంతి కనిపించింది. అక్క ఆ చిల్లులోంచి ఒక కంటితో నన్ను చూసింది. యజమాని కూడా చూశాడు. "ఆసుపత్రివాళ్లను బతిమాలి గడువు పెంచుకుంటాను, మేస్త్రి వచ్చేదాకా ఆగుదాం," అన్నాడు.

మూడు నెలలకు కట్టు విప్పి, డాక్టరు సరేనన్నాక బావ పనిలోకి వస్తానన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. చెప్పలేక చేతల్లో చూపించాను, అదే కొంప ముంచింది. ఆయన రాబోయే ముందు రోజు ఆయన బల్ల తుడిచాను. కుర్చీ మీద మెత్త సరిచేశాను. ఆయన సిలిండర్ అడుగంటింది, నాదీ అడుగంటింది. మామూలుగా బావ తన సిలిండర్ మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వడు. తానే దొర్లించుకొస్తాడు, తానే బిగిస్తాడు. ఆ చేత్తో ఇప్పుడు అంత బరువు లాగడమెందుకని, నేనే రెండూ మార్చేసి, గొలుసులు కట్టి, రెగ్యులేటర్లు బిగించి, సబ్బు నీళ్లతో లీకేజీ కూడా చూసి మరీ వెళ్లాను. మెడల్ ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను కూడా.

మర్నాడు బావ వచ్చాడు. కట్టి ఉన్న సిలిండర్ చూసి నా వీపు మీద ఒకటి చరిచాడు. "బావమరిదంటే నువ్వేరా," అన్నాడు. గ్యాస్ ఎంత వస్తోందో చూసుకున్నాడు. కిటికీలోంచి గాలి తగలకుండా రేకు అడ్డం పెట్టుకున్నాడు. వేడికి రేకు వంకర పోకుండా తొట్టి మూల వెనకాల రాగి పట్టీ ఆనించాడు. హెల్మెట్ దించాడు.

ఒక జానెడు వేసి ఆపాడు. టార్చి మొన చూసుకున్నాడు. నల్లగా, చివర చిన్న మొటిమతో ఉంది. అతుకు మీద బూడిదరంగు పొర. అది ఎప్పుడూ లేత బంగారు రంగులో, చేప పొలుసుల్లా ఉండాలి. మొన మళ్లీ చెక్కుకొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే. మధ్యాహ్నానికి మొన చెక్కడానికి ఎన్నిసార్లు లేచాడో నేను లెక్కపెట్టడం మానేశాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చెయ్యి వణికి మొన కరిగిన లోహానికి తగిలినా అచ్చం అలాగే మాడుతుంది. కట్టు విప్పాక ఆయన చెయ్యి కాస్త వణుకుతున్న మాట నిజమే. టీ గ్లాసు పట్టుకుంటే తెలుస్తోంది. అందుకని ఆయన ఇంకెటూ చూడలేదు, నేరుగా తన చేతినే అనుమానించాడు. నేను కట్టిన సిలిండర్‌ను అనుమానించాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

మరి నేనేం చేస్తున్నాను? నా బల్ల దగ్గర నా మిషన్‌ను తిడుతున్నాను. ఆ రోజు నా మంటా మాట వినడం లేదు. అటూ ఇటూ దేవులాడుతోంది, అతుకు రేకు మీద తాడు పడేసినట్టు ఎత్తుగా నిలబడుతోంది. తీగ చుట్ట మార్చాను. గన్ చివర ముక్క మార్చాను. వోల్టేజీ పెంచాను, తగ్గించాను. తీగ అమ్మినవాడి వంశాన్నంతా తలుచుకున్నాను. నన్ను నేను మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. అతుకు చెడితే బావ తన చేతిని చూసుకుంటాడు, నేను ఎదురుగా ఏది కనిపిస్తే దాన్ని తిడతాను.

రెండో రోజు సాయంత్రానికి బావ రెండు తొట్లు పూర్తి చేశాడు. ఒకటి అక్క దగ్గరికి చేరింది. అక్క ఎప్పట్లాగే కళ్లు మూసుకుని వేలితో తడిమింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదెవరు చేశారు?" అంది.

ఆవిడకు తెలీక అడిగిందే, ఎత్తిపొడుపు కాదు. కాని బావ రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆయన ముఖం చూశాను. స్టూలు మీంచి పడ్డప్పుడు కూడా అంత దెబ్బ తగిలి ఉండదు. "నేనే," అన్నాడు. అక్క కళ్లు తెరిచి, నాలుక కరుచుకుంది. ఏదో అనబోయింది. ఆయన అప్పటికే చేతి తొడుగులు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, బల్ల సొరుగులో దాచేస్తున్నాడు. రోజూ బల్ల మీదే వదిలేసే మనిషి.

మూడో రోజు పొద్దున టీ తాగేటప్పుడు నాతో అన్నాడు. "నా చెయ్యి పోయిందిరా. మధ్యాహ్నం యజమాని వచ్చాక చెప్పేస్తాను. తొట్లు ఇంకో షెడ్డుకిమ్మంటాను. నాకు స్టోర్లో కుర్చీ ఇస్తే చాలు. నట్లు, బోల్టులు ఇచ్చి పుచ్చుకుంటూ కూర్చుంటాను."

"రెండ్రోజులకే అంత మాటంటావేంటి బావా? ఇంకో నెల చూడు."

"పిల్లల తొట్లురా అవి. నా చెయ్యి బాగయ్యేదాకా వాళ్లు పుట్టకుండా ఆగుతారా?"

నవ్వుతూనే అన్నాడు. ఈ మనిషిని స్టోరు కిటికీ వెనకాల ఊహించుకోవడం నా వల్ల కాలేదు. ఏం చెయ్యాలో తెలియక, నాకు చేతనైన పనే చేశాను. వెళ్లి నా ఫ్రేముల మీద కోపం తీర్చుకున్నాను.

అప్పుడు అక్క వచ్చింది. ఒక చేత్తో బావ తొట్టి, ఇంకో చేత్తో నేను చేసిన ఫ్రేము ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది. "ఒరేయ్, ఇది తడిమి చూడు. ఇదేం గట్టురా? నీ గట్టు కూడా కాదిది. ఎప్పుడు చేశావు?"

"నిన్న. ఆ తీగ దరిద్రంగా ఉందక్కా..."

"మొన్న చేసింది?"

"అదీ అంతే."

"అంతకుముందు రోజుది బాగానే ఉంది, నేనే మెరుగుపెట్టాను. మీ బావ వచ్చిన రోజు నుంచే నీదీ చెడింది." రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "ఆయనకంటే చెయ్యి విరిగింది. నీకేం విరిగిందిరా?"

ఆవిడకు గ్యాసుల సంగతి తెలీదు. ఆర్గాన్ అంటే ఏమిటని ఇప్పటికీ అడగదు. ఆవిడకు తెలిసింది ఆ రెండు అతుకులే. కాని ఆ ప్రశ్న చెవిన పడగానే చేతిలో గన్ కింద పెట్టేశాను. ఇద్దరిదీ ఒకేరోజు చెడింది. ఇద్దరికీ ఒకేరోజు మారింది ఒక్కటే ఉంది. అది మార్చింది నేను.

సిలిండర్ల దగ్గరికి నడిచాను. కొత్త సిలిండర్లు దింపించేటప్పుడు బావ ఎప్పుడూ ఆర్గాన్ ఎడమవైపు, నా మిశ్రమం కుడివైపు పెట్టిస్తాడు. ఏళ్ల తరబడి అంతే. అందుకే నేను ట్యాగులు చదవలేదు. ఎడమది ఆయనకు, కుడిది నాకు. ఆయన లేని మూడు నెలల్లో సరుకు దించినవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. బావ సిలిండర్ మెడకున్న ట్యాగు గోడవైపు తిరిగి ఉంది. తిప్పాను. ఆర్గాన్, దాని కింద కార్బన్ డయాక్సైడ్ రెండు శాతం. నాదాని మీద ఉత్త ఆర్గాన్.

నిజం చెప్పేస్తాను. ఆ నిమిషంలో నాకు మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. గప్‌చుప్‌గా రెండూ మార్చేస్తే సరి. బావ ఇంకొక్కసారి ప్రయత్నిస్తాడు, బాగా వస్తుంది, చెయ్యి కుదుటపడిందనుకుంటాడు. నా పరువూ దక్కుతుంది. చేతిలో స్పానర్ కూడా ఉంది. కాని ఈ రెండ్రోజులు తన చెయ్యే చెడిందని ఆయన జీవితాంతం అనుకుంటాడు. ఎప్పుడు కాస్త వణికినా ఆ బూడిదరంగు గుర్తొస్తుంది. బావ అంత తేలిగ్గా మరిచిపోయే మనిషి కాదు. ఆయన చేతి మీద నేను వేసిన నింద అది, నేనే తియ్యాలి.

"బావా, ఒకసారి ఇటురా," అని కేక వేశాను.

వచ్చాడు. ట్యాగు తిప్పి చూపించాను. చదివాడు. నా వైపు చూశాడు. మళ్లీ చదివాడు. నాకు తెలిసిన తిట్లన్నీ ఆయన నోట వినడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"నేనే కట్టాను. చదవలేదు. నీ చేతికేం కాలేదు బావా, అంతా నావల్లే," అన్నాను. టపటప నోరు మూతపడింది.

బావ తన కుడిచేతిని ఎత్తి, వెనకా ముందూ తిప్పి చూసుకున్నాడు. అప్పుడే ఎవరో తెచ్చి ఇచ్చినట్టు చూసుకున్నాడు. తర్వాత నా భుజం మీద దాన్ని వేసి, కాసేపు అలాగే ఉంచాడు. "చదవకుండా నేను మాత్రం ఎలా మొదలుపెట్టాన్రా?" అన్నాడు. "నువ్వు కట్టావు గదా అనుకున్నాను. పట్టు, మారుద్దాం."

ఇద్దరం కలిసి మార్చాం. పాత గ్యాసు పైపులోంచి పోయేదాకా కొంచెంసేపు వదిలాడు. మొన కొత్తగా చెక్కాడు. సొరుగులోంచి తొడుగులు తీశాడు. వణుకు ఇంకా ఉంది కాబట్టి మణికట్టు కింద చిన్న చెక్కముక్క ఆనుకున్నాడు. హెల్మెట్ దించాడు. నేను పక్కన నిలబడ్డాను, అక్క మెరుగు చక్రం ఆపేసింది. షెడ్డంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పెడల్ స్ప్రింగ్ కిర్రుమనడం కూడా వినిపించింది.

మూల మొదలు నుంచి చివరిదాకా ఆపకుండా నడిచాడు. చివర వేడి మెల్లగా తగ్గించాడు. మంట ఆరింది. టార్చి మాత్రం అక్కడే పట్టుకున్నాడు. గ్యాసు బుస ఆరేడు సెకన్లు వినిపించి ఆగిపోయింది. ఆగిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు. హెల్మెట్ కూడా ఎత్తలేదు. హెల్మెట్ కింద ఆయన ఏం చేస్తున్నాడో నేను అడగలేదు. జీవితంలో మొదటిసారి నేనూ కదలకుండా నిలబడ్డాను.

అతుకు లేత బంగారు రంగులో ఉంది.

తొట్టి చల్లారాక అక్క వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కళ్లు మూసుకుని, బొటనవేలు మొదట్లో ఆనించి మెల్లగా లాగింది. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. అక్కడ నిజంగానే ఒక పొలుసు కాస్త పక్కకు జరిగింది, నాకూ కనిపించింది. వేలు మళ్లీ కదిలి చివరిదాకా వెళ్లింది.

కళ్లు తెరవకుండానే, "ఇదెవరు చేశారు?" అంది.

ఆవిడ మూసిన కనురెప్పల కింద నుంచి నీళ్లు జారుతున్నాయి, పెదాలేమో నవ్వాపుకుంటున్నాయి.

బావ గొంతు సవరించుకున్నాడు. "స్టూలు మీంచి పడ్డవాడు," అన్నాడు.

"అయితే దీంతో నాకేం పని?" అని అక్క తొట్టి పక్కన పెట్టేసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం యజమాని వస్తే బావ స్టోరు ఊసే ఎత్తలేదు. చెడిన రెండు తొట్లకు రేకు కొత్తగా కోసి వంచింది నేనే, నా ఫ్రేముల గట్లన్నీ రాకి మళ్లీ వేసిందీ నేనే. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ సంచీ అందుకోబోయాను. బావ ఇవ్వలేదు. కుడిచేత్తో పట్టుకుని ముందు నడిచాడు.